కాఫీ తాగుదాం రా అని మాత్రం పిలవకండి

ప్రశ్న: కడప దగ్గర కొప్పర్తిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌ని. వర్కర్లు ఎనభై మంది. పెద్ద ఆర్డర్ ఒకటి పోయింది, రెండో లైను మూసేస్తున్నారు. సోమవారం ఓనర్ తొమ్మిది పేర్ల లిస్టు నా చేతిలో పెట్టి, "ఒక్కొక్కరినీ పిలిచి నువ్వే చెప్పు. నీ మాటైతే వింటారు. రాజీనామాలు రాయించుకో, గొడవుండదు" అన్నాడు. వచ్చే వారం శుక్రవారానికి అయిపోవాలట. లిస్టులో ఎక్కువగా జీతం ఎక్కువున్న పాతవాళ్లే ఉన్నారు. అందులో ఒకడు మా వీధివాడు, నన్ను అన్నా అంటాడు, నేనే చేర్పించినా. చీటీ డబ్బుతో ఈ ఆదివారం ప్లాటుకు అడ్వాన్సు ఇస్తున్నానని నిన్ననే చెప్పినాడు. నేను 'ఊ' అన్నా. అప్పటినుంచి నిద్ర లేదు. ఇట్లాంటి మాట ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మొదటి మాట ఏమనాల? ఏమనకూడదు? వాళ్లేం అడుగుతారు? వానికి ముందే చెప్పేస్తే తప్పా?
– పేరు వద్దు, కడప

జవాబు: మొదటి మాట సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రాజీనామా కాగితాలు పక్కన పెట్టండి. మీ నిద్ర పాడు చేస్తున్నది సగం అవే అని నా అనుమానం.

పని లేక కంపెనీ మనిషిని పంపించడం వేరు, మనిషి తనంతట తాను మానేయడం వేరు. మొదటిదాన్ని చట్టంలో రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన వర్కర్‌కు నెల ముందు కారణం రాసి నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. దాంతో పాటు ప్రతి సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం పరిహారం. ఇది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. మనిషి రాజీనామా రాసిస్తే ఇవేవీ అడగడానికి ఉండదు. మీ ఓనర్ 'గొడవుండదు' అన్నదానికి అర్థం అదే.

మీ వీధివాడి లెక్కే చూద్దాం. సర్వీసు ఎంతో మీరు రాయలేదు, ఆరేళ్ల ఎనిమిది నెలలు అనుకుందాం. బేసిక్, డీఏ కలిపి జీతం 18,000, వేరే అలవెన్సులు లేవనుకుందాం. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి సర్వీసు ఏడేళ్లు. పరిహారం ఏడాదికి అర నెల జీతం, అంటే 9,000. ఏడేళ్లకు 63,000. నోటీసు బదులు జీతం 18,000. గ్రాట్యుటీ లెక్క వేరు: 18,000ని 26తో భాగించి 15తో హెచ్చవేస్తే 10,385 దాకా వస్తుంది, ఏడేళ్లకు దాదాపు 72,690. మొత్తం లక్షా యాభై మూడు వేల పైచిలుకు. వాడుకోని సెలవుల డబ్బు, పనిచేసిన రోజుల జీతం దీనికి అదనం. అదే మనిషి రాజీనామా మీద సంతకం పెడితే గ్రాట్యుటీ ఒక్కటే మిగులుతుంది. 81,000 పోతుంది. అది పోగొట్టే సంతకం మీ బల్ల మీద, మీ పెన్నుతో జరుగుతుంది.

వాళ్లకు ఇది తెలియదని మీ ఓనర్ అనుకుంటూ ఉండొచ్చు. తొమ్మిది మందిలో ఒక్కడికి లేబర్ ఆఫీసులో పనిచేసే బావమరిది ఉంటే చాలు, పదో రోజుకు 'బలవంతంగా రాయించుకున్నారు' అని అర్జీ పడుతుంది. అప్పుడు సాక్షి మీరే.

ఇక లిస్టు. ఒకే రకం పని చేసేవాళ్లలో చివర చేరినవాళ్లను ముందు పంపాలన్నది మామూలు పద్ధతి. తప్పాలంటే కారణం రాసి పెట్టుకోవాలి. 'జీతం ఎక్కువ' అన్నది నిలబడే కారణం కాదు. దీన్ని ఇప్పుడే ఎందుకు ఎత్తుతున్నానంటే, ఆ గదిలో మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: "నాకంటే ఎనక వచ్చినోడు ఉన్నాడు గదా సార్, నన్నెందుకు?" లిస్టు తప్పుగా ఉంటే ఈ ప్రశ్నకు ఎంత తీపిగా మాట్లాడినా జవాబుండదు. మాటలు నేర్పమని నన్నడిగారు, నేర్పుతాను. కానీ ఈ ఒక్కదానికి మాటలు పనిచేయవు.

కాబట్టి మీ ముందు మూడు దార్లున్నాయి. ఓనర్ చెప్పినట్టే చేయొచ్చు. మీ ఉద్యోగం ఈ వారానికి భద్రం. కానీ మిగిలిన డెబ్బై ఒక్క మందీ అంతా చూస్తారు, రేపు ఓవర్‌టైమ్‌కు ఉండమంటే మీ మొహం చూసే తీరు మారుతుంది. లేదంటే 'ఇది నా పని కాదు, మీరే చెప్పండి' అని తప్పుకోవచ్చు. అది మీ హక్కే. అయితే ఏడాదికి నాలుగుసార్లు కనబడే ఓనర్ నోటినుంచి, లేదా గేటు దగ్గర సెక్యూరిటీ నోటినుంచి వాళ్లు ఆ మాట వినాల్సి వస్తుంది. మూడోది, తొమ్మిది మందికీ లెక్క కట్టించి ఓనర్ దగ్గరకు తిరిగి వెళ్లడం. అకౌంటెంట్‌కు అది ఒక పూట పని. 'ఇంత ఇస్తే నేను చెప్తా, ఇది లేకుండా చెప్పలేను' అనండి. న్యాయం, ధర్మం అని మొదలుపెడితే వినడు. కేసు పడితే లాయరు ఫీజెంత, ఆ తిరుగుడెంత అని అంకెలు చెబితే వింటాడు. వినకపోతే మళ్లీ మొదటి రెండు దార్ల దగ్గరికే వస్తారు, కానీ అప్పుడు ఏది ఎంచుకున్నా కళ్లు తెరుచుకునే ఎంచుకుంటారు. మీ స్థానంలో నేనుంటే మూడోదే చేసేవాణ్ని. ఇల్లు గడవాల్సినవాడు మొదటిదే చేశాడని ఎవరినీ తప్పుపట్టను కూడా.

ఓనర్ ఒప్పుకున్నాడనే అనుకుని గదిలోకి వెళ్దాం.

పాతికేళ్ల కిందట అనంతపురంలో పర్సనల్ ఆఫీసులో చేరిన కొత్తలో నాకూ ఇలాంటి పని అప్పజెప్పారు. మొదటి మనిషిని 'కాఫీ తాగుదాం రండి' అని పిలిచాను. పిల్లల చదువులడిగాను, వాన పడలేదన్నాను, పది నిమిషాలు అలా నడిపాను. ఆయన మొహం మెల్లగా వెలుగుతోంది. చివరికి తనే అడిగాడు, "ఇంక్రిమెంటు ఆర్డరు వచ్చిందా సార్?" అని. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆయన కప్పు సగంలో బల్ల మీద పెట్టి లేచిపోయాడు. నెల తర్వాత బస్టాండులో కనబడితే ఒక్కటే అన్నాడు: "పోతే పోయింది సార్. ఆ కాఫీ ఎందుకు తాగించినారు?"

అందుకే చెబుతున్నా, కబురు మొదటి నిమిషంలోనే రావాలి. కూర్చోబెట్టగానే ఇలా అనండి: "కష్టమైన మాట చెప్పడానికి పిలిచినా. ఆర్డరు పోయిందని కంపెనీ రెండో లైను మూసేస్తోంది. నీ ఉద్యోగం పోతోంది. ఈ రోజే చివరి రోజు. నీకు రావాల్సిన డబ్బంతా ఈ కాగితంలో ఉంది." నోటీసు బదులు డబ్బు ఇస్తున్నప్పుడే 'ఈ రోజే' అనండి. నోటీసు నెల పనిచేయించుకుంటుంటే ఆ తేదీ చెప్పండి. అంతే, ఐదు వాక్యాలు. ఇంట్లో ఒకసారి పైకి చదివి చూసుకోండి. 'ఉద్యోగం పోతోంది' దగ్గర గొంతు ఆగుతుంది. ఆ ఆగడం ఇంట్లోనే అయిపోతే మంచిది.

తర్వాత నోరు మూసుకోవాలి. అసలు కష్టం ఇక్కడే. ఎదుటి మనిషి ఏమీ అనడు, ఫ్యాన్ చప్పుడు వినబడుతుంది, మనకు చేతులాడవు. ఆ ఖాళీ నింపడానికే మేనేజర్లు అనకూడనివన్నీ అంటారు. 'నాకూ నీకంటే ఎక్కువ బాధగా ఉంది' అంటారు. అప్పుడు ఆయన మిమ్మల్ని ఓదార్చాలా? 'మనమంతా ఒక కుటుంబం' అంటారు. కుటుంబంలో తొమ్మిది మందిని పంపించేయరు. 'నా చేతుల్లో ఏం లేదబ్బా' అంటారు. మరి ఎవరి చేతుల్లో ఉందో ఆయన్ని పిలిపించు అంటాడు ఆయన. 'నీకు ఇంకా మంచిది దొరుకుతుందిలే' అనేది అన్నిటికంటే అన్యాయం. కొప్పర్తిలో ఇంకో లైను ఎక్కడ ఖాళీ ఉందో మీకు తెలిస్తే ఆ పేరు చెప్పండి, తెలియకపోతే ఆ మాటే వద్దు.

రెండు మాటల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త. ఒకటి, 'లేఆఫ్'. పేపర్లలో ఈ మాట ఉద్యోగాలు తీసేయడానికి వాడతారు. చట్టంలో మాత్రం అది తాత్కాలికం: పని లేదు, కొన్నాళ్లు ఇంట్లో ఉండు, పేరు రిజిస్టర్‌లోనే ఉంటుంది అని. చాలామంది వర్కర్లకు కూడా ఆ అర్థమే తెలుసు. 'లేఆఫ్ ఇస్తున్నాం' అని మీరంటే మీ మనిషి రెండు నెలల్లో పిలుస్తారని ఇంటికి పోతాడు. కాగితంలోనూ, నోటిలోనూ ఆ మాట రానివ్వకండి. రెండోది పనితనం. కారణం ఆర్డరు పోవడమైతే అదొక్కటే చెప్పండి. మధ్యలో 'నీ రిజెక్షన్ కూడా కొంచెం ఎక్కువే కదా' అని కలిపారంటే మీరే కారణం మార్చినట్టు. ఏడేళ్ల పని మీద మచ్చ వేసినట్టూ అవుతుంది.

ఇంకో చిన్న సంగతి, ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. రోజూ 'నువ్వు' అనే మనిషిని ఆ గదిలో హఠాత్తుగా 'మీరు' అనకండి. నేను మర్యాదనుకుని చేశాను. ఆ మనిషి మొహం తెల్లబోయింది. నేనింకా ఏమీ చెప్పకముందే విషయం అర్థమైపోయింది ఆయనకు. మీ వీధివాణ్ని రోజూ పిలిచినట్టే పిలవండి.

ఇప్పుడు ప్రశ్నలు. 'నన్నెందుకు' అన్నదానికి సరిచేసిన లిస్టే జవాబు: "మీ పనిలో చేరిన తేదీల ప్రకారం చూసినారు." మిగతావాళ్ల పేర్లు అడుగుతారు. చెప్పకండి. "వాళ్లకు వాళ్లే చెప్పుకుంటారు" అంటే చాలు, ఎవరూ తప్పుపట్టరు.

"జీతం తగ్గించుకుంటా సార్, ఉంచండి" అని ఒకరైనా అంటారు. గుండె నలిగేది ఇక్కడే. 'చూస్తాలే, ఓనర్‌ను అడుగుతా' అనేస్తాం. ఆ 'చూస్తా' పట్టుకుని ఆయన పది రోజులు వేరే పని వెతకడు. ముందే ఓనర్‌ను అడిగి ఉండండి. లేదన్నాడంటే, "ఆ మాట నేను ముందే అడిగినా, ఒప్పుకోలేదు" అనండి. అడగకపోతే అడిగానని చెప్పకండి.

"మళ్లీ పిలుస్తారా?" అనే ప్రశ్నకు 'తప్పకుండా' అనొద్దు, 'కష్టమే' అనొద్దు. ఏడాదిలోపు అదే పనికి మనుషుల్ని తీసుకుంటే తీసేసినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అది చెప్పి, ఫోన్ నంబరు, అడ్రసు మారితే ఆఫీసులో చెప్పమనండి.

డబ్బు ఎప్పుడొస్తుంది అన్నదానికి తేదీలతో చెప్పాలి. జీతం బాకీలు రెండు పనిరోజుల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లోపు. కొత్త కోడ్‌లో రీస్కిల్లింగ్ ఫండ్ అని ఇంకో 15 రోజుల జీతం ఉంది, మీ వాడి లెక్కలో అది 9,000. కంపెనీ కట్టాలి, 45 రోజుల్లో మనిషి ఖాతాకు చేరాలి. అయితే అది సర్కారు చేతిమీదుగా వచ్చే డబ్బు కాబట్టి మీరు రోజు చెప్పి మాట పోగొట్టుకోకండి. పీఎఫ్‌కు మీ వైపు పని ఒకటే, ఆన్‌లైన్‌లో మానేసిన తేదీ ఎక్కించడం. అది ఆలస్యమై మనుషులు ఆఫీసు చుట్టూ తిరగడం ఎన్నోసార్లు చూశాను. ఆ రోజే ఎక్కించమని అకౌంటెంట్‌కు చెప్పండి.

ఈఎస్ఐ గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇంట్లో తల్లికి షుగరో, భార్యకు నెలలు నిండుతున్నాయో ఉంటుంది. కార్డు అదే రోజు ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా వైద్యం వర్తిస్తుంది. ఒక్కొక్కరికి ఏ నెల దాకా ఉందో ముందే కనుక్కుని కాగితం మీద రాసివ్వండి.

లిస్టులో సూపర్‌వైజర్ ఎవరైనా ఉంటే ఆగి చూడండి. 18,000 పైన జీతం తీసుకునే సూపర్‌వైజర్ ఈ చట్టం లెక్కలో వర్కర్ కాడు. ఆయనకు అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో అది. గ్రాట్యుటీ మాత్రం ఆయనకూ ఉంది. కార్మిక శాఖకు పంపాల్సిన నోటీసు సంగతి ఓనర్‌కు గుర్తు చేయండి. మూడు వందల మంది లేరు కాబట్టి ముందస్తు అనుమతి అక్కర్లేదు.

సంతకం దగ్గర తొందర వద్దు. లెటర్ కింద 'అందుకున్నాను' అని ఉండాలి, 'సమ్మతిస్తున్నాను' అని కాదు. చదివి రేపు పెడతానంటే సరే అనండి. అసలు పెట్టనంటే స్పీడ్ పోస్టులో ఇంటికి పంపితే చాలు, గదిలో బతిమాలడం, బెదిరించడం రెండూ అనవసరం.

ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు పెట్టుకోండి, తొమ్మిదీ ఒకే పూటలో ముగించండి. రెండో మనిషి బయటికి రాగానే వాట్సాప్‌లో అందరికీ తెలిసిపోతుంది. మధ్యాహ్నానికి వాయిదా పడ్డవాళ్లు అన్నం ముద్ద దిగక కూర్చుంటారు. గాజు గోడల క్యాబిన్ వద్దు. పక్కన ఆఫీసు మనిషి ఒకరుండాలి, లోపల ఉన్నది ఆడమనిషైతే ఆ ఒకరు ఆడవాళ్లై ఉండాలి.

ఇక మీ వీధివాడు. మీరు అడగని ప్రశ్న ఒకటి వాడు అడుగుతాడు: "నీకు ఎప్పట్నుంచి తెలుసన్నా?" దీనికి ఒకే జవాబు, "సోమవారం." అప్పుడు వాడు ప్లాటు గురించి చెప్పిన రోజును వెనక్కి లెక్కపెట్టుకుంటాడు. మీరన్న 'ఊ' గుర్తొస్తుంది. అందుకే అన్నిటికంటే మంచి దారి, తేదీని ముందుకు జరపడం. లెక్కలు ఒక పూట పని అన్నాను కదా, ఈ శుక్రవారమే అందరికీ చెప్పేద్దామని ఓనర్‌ను అడగండి. వచ్చే శుక్రవారం దాకా ఆగడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు, ఇంకో వారం జీతం తప్ప.

ఒప్పుకోకపోతే? వాడొక్కడికి అంతా చెప్పేస్తే సాయంత్రానికి లైనంతా తెలుస్తుంది. మిగిలిన ఎనిమిది మంది మీ నోటినుంచి కాక పుకారుగా వింటారు. వాళ్లలో ఎవరి ఇంట్లో ఏ అడ్వాన్సు ఉందో మీకు తెలియదు కూడా. ఏమీ చెప్పకుండా ఉంటే ఆదివారం డబ్బు పోతుంది, రేపు రిజిస్ట్రేషన్‌కు మిగతాది కట్టలేక అడ్వాన్సు వదులుకోవాల్సి రావచ్చు. రెంటికీ మధ్య ఒక మాట ఉంది: "ఈ ఆదివారం అడ్వాన్సు ఇవ్వొద్దు. రెండు వారాలు ఆగు. ఎందుకని నన్నడగొద్దు." వాడికి సగం అర్థమైపోతుంది, నిజమే. రెండు రాత్రులు వాడికీ నిద్రుండదు. ఓనర్‌కు తెలిస్తే మీకు చీవాట్లు. నేనైతే ఈ మాట చెప్పేవాణ్ని. మీరు చెప్పలేకపోతే కనీసం ఇంకోసారి 'ఊ' అనకండి.

ఒకటి మర్చిపోయాను. పొద్దున పదింటికి చెబితే, ఊళ్లోకి వెళ్లే కంపెనీ బస్సు షిఫ్టు అయ్యేదాకా కదలదు. ఉద్యోగం పోయిన మనిషి సాయంత్రం దాకా ఆ గేటు దగ్గర, అందరి కళ్ల ముందు నిలబడాలి. బయట నాలుగు ఆటోలు పెట్టించండి. కడప దాకా కిరాయి కంపెనీ ఖాతాలో రాయించండి. క్యారియర్, చెప్పులు, లాకర్‌లో ఉన్న సామాను తెచ్చుకోవడానికి ఒక్కొక్కరికీ పది నిమిషాలు ఇవ్వండి, వెనకాల సెక్యూరిటీని మాత్రం పంపకండి.